త్రైమాసిక సమీక్షలో బృందాన్ని పరిచయం చేసే ముందు

జులై సమీక్షలో ఒక మంచి ప్రాజెక్టు నా కళ్లముందే దెబ్బతింది. పని సకాలంలోనే సాగుతోంది, ఖర్చూ అదుపులోనే ఉంది. దెబ్బంతా మొదటి నాలుగు నిమిషాల్లో, బృందాన్ని పరిచయం చేసేటప్పుడు తగిలింది.

అది మందులు పంపిణీ చేసే సంస్థ. తొమ్మిది గిడ్డంగుల్లోని నిల్వల లెక్కను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చడం ఆ ప్రాజెక్టు పని. సమీక్షలో వాళ్లకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. కొత్తదాన్ని వాడుకలోకి తేవడానికి ఆ రోజే అనుమతి తీసుకోవాలని వచ్చారు. ప్రాజెక్టు మేనేజరు ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ, చేరి మూడు వారాలైన ఒక యువకుడి వైపు చెయ్యి చూపించి, "డేటా మార్పిడి మొత్తం ఇతనే చూసుకుంటారు" అన్నారు. కొత్తగా వచ్చినవాడికి ఉత్సాహంగా ఉంటుందని అనుకున్నారు, అంతే.

ఆర్థిక విభాగాధిపతి వెంటనే అతని వైపు తిరిగారు. "అయితే మీరే చెప్పండి. పాత లెక్కకూ కొత్త లెక్కకూ ఎన్ని బ్యాచుల్లో తేడా వచ్చింది? అందులో గడువు తీరిన సరుకు ఎంత?" మందుల వ్యాపారంలో అది అడగవలసిన ప్రశ్నే. గడువు తీరిన సరుకు అమ్మకానికి పనికివచ్చే నిల్వలో కలిసిపోతే ఎంత ప్రమాదమో అక్కడ అందరికీ తెలుసు. ఆ యువకుడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు లాప్‌టాప్ వైపు చూశారు. బల్ల చివర నుంచి ఒకావిడ జవాబు చెప్పారు, అంకెలతో సహా. పద్నాలుగు నెలలుగా ఆ పని చేస్తున్నది ఆవిడే. పరిచయంలో ఆవిడకు దక్కిన మాట "సపోర్టు."

జవాబు సరైనదే, కానీ అప్పటికే గదిలో ప్రశ్న మారిపోయింది. ఇంతకీ ఈ పని ఎవరి చేతిలో ఉంది? దాని మీదే పదకొండు నిమిషాలు గడిచాయి. మిగిలిన అయిదు నిమిషాల్లో ఎవరూ అనుమతి ఇవ్వరు. ఇవ్వలేదు కూడా. మూడు నెలలు పోయాయి.

ఇప్పుడు అక్టోబరు సమీక్షలు వస్తున్నాయి. నిటారుగా నిలబడండి, చిరునవ్వు నవ్వండి వంటివి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎన్నో సమీక్షల్లో గోడ పక్కన కూర్చుని చూసినవాణ్ని కాబట్టి, మనుషుల్ని ముంచే ఆ ఒక్క తప్పు గురించే ఎక్కువగా చెబుతాను.

ఆ ఒక్క తప్పు

ఒక మనిషి పేరు పక్కన, ఆ మనిషిని అడగకుండా, ఒక పని పెట్టడం. అదే ఆ తప్పు.

పరిచయాన్ని మనం మర్యాద అనుకుంటాం. ఎదుట కూర్చున్నవారికి అది చిరునామాల పట్టిక. ఏ ప్రశ్న ఎవరికి వేయాలో వాళ్లు అక్కడే గుర్తు పెట్టుకుంటారు. అందుకే పేరు పక్కన మీరు ఏ పని చెబితే ఆ పని మీద ప్రశ్న ఆ మనిషికే వెళుతుంది. మీ మనసులో అది పొగడ్త కావచ్చు, వాళ్లకు మాత్రం అది హామీ.

ఈ తప్పుకు మన నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "చూసుకుంటారు." చూసుకోవడమంటే స్వయంగా చేయడమా, చేయించడమా, తేడా వస్తే జవాబు చెప్పడమా? మూడింటికీ అదే మాట సరిపోతుంది, అందుకే అది అంత హాయిగా దొర్లుతుంది. మన ఆఫీసుల్లో సమీక్షలు చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తాయి కదా అంటారేమో. అక్కడ "హ్యాండిల్స్" అంటారు. మాట మారింది, ముసుగు అదే.

ప్రాజెక్టు ఆఫీసుల్లో ఆర్‌ఏసీఐ అనే పట్టిక తయారు చేస్తారు. ప్రతి పనికీ ఎదురుగా చేసేవారెవరు, జవాబుదారీ ఎవరు, సలహా ఎవరిని అడగాలి, సమాచారం ఎవరికి చేరాలి అని నాలుగు రకాల గుర్తులు పెడతారు. ఒక పనికి జవాబుదారీ ఒక్కరే ఉండాలన్నది అందులో అసలు నియమం. మీ దగ్గర ఆ పట్టిక ఉంటే పరిచయానికి ముందు తెరవండి. జులై ప్రాజెక్టు పట్టికలో ఆ యువకుడి పేరు "చేసేవారు" దగ్గర ఉంది, అదీ రెండు గిడ్డంగుల వరకే. జవాబుదారీ బల్ల చివర కూర్చున్న ఆవిడ. పట్టికలో ఉన్నది ఉన్నట్టు చదివినా గండం గడిచేది.

ముందురోజు చేయవలసింది ఇది. ప్రతి ఒక్కరినీ విడిగా కలిసి, రేపు వారి గురించి చెప్పబోయే వాక్యాన్ని చదివి వినిపించండి. "దీని మీద ప్రశ్న వస్తే జవాబు చెప్పగలరా?" అని అడగండి. వారు తడబడితే ధైర్యం చెప్పడానికి కూర్చోకండి, వాక్యాన్ని మార్చండి. వాళ్లలా ఏడుగురున్న బృందానికైనా అరగంట కూడా పట్టదు.

వాక్యం ఎలా ఉండాలి

ఆవిడను ఇలా పరిచయం చేసి ఉండవలసింది: "ఫలానా గారు. తొమ్మిది గిడ్డంగుల పాత నిల్వల లెక్క కొత్తదానిలోకి సరిగ్గా చేరిందా లేదా అన్నదానికి జవాబుదారీ." ఆ యువకుణ్ని ఇలా: "ఫలానా గారు. మూడు వారాల క్రితం చేరారు. డేటా మార్పిడిలో రెండు గిడ్డంగుల లెక్కలు సరిపోల్చే పని చేస్తున్నారు." రెండో దానిలో అతన్ని తక్కువ చేసిందేమీ లేదు. నిజానికి అతనికది గొడుగు. తొమ్మిది గిడ్డంగుల ప్రశ్న ఇక అతని మీద పడదు, రెండింటి గురించి అడిగితే ధీమాగా చెబుతాడు.

పేరు, పని, ఆ పని ఎంతవరకు. ఈ మూడూ ఉంటే చాలు. "సీనియర్ కన్సల్టెంటు, పదిహేనేళ్ల అనుభవం, చాలా కీలకమైన వ్యక్తి" అనే వాక్యంలో ఈ మూడింటిలో ఏదీ లేదని గమనించండి. హోదా సంస్థ ఇచ్చింది, అనుభవం గతంలోది. ఈ ప్రాజెక్టులో ఆయన ఏం చేస్తున్నారో చెప్పనే లేదు. మనిషికి ఎనిమిది సెకన్లు అనుకుంటే ఏడుగురికి నిమిషంలోపే అయిపోతుంది. వాళ్లు నాలుగు నిమిషాలు తీసుకున్నారు, అందులో మూడు నిమిషాలు విశేషణాలే.

సగం సమయం మాత్రమే ఇస్తున్నవారి విషయం దాచకండి. "పరీక్షల పని, వారానికి రెండు రోజులు" అని చెప్పేయండి. లేకపోతే వినేవారు ఏడుగురు పూర్తిగా పని చేస్తున్నారని లెక్క వేసుకుంటారు, రేపు ఆలస్యమైనప్పుడు "ఏడుగురు ఉండి కూడానా?" అంటారు. ఖాళీగా ఉన్న స్థానం గురించీ అంతే. "శిక్షణ బాధ్యతకు ఇంకా ఎవరూ లేరు, ప్రస్తుతం నేనే చేస్తున్నాను" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లండి. మనుషులు కావాలని అక్కడే అడగకండి. దానికి మీ ప్రజెంటేషన్‌లో వేరే చోటు ఉంటుంది.

వరుస హోదాను బట్టి పెట్టడం మన అలవాటు. పని నడిచే దారిని బట్టి పెడితే మేలు. గిడ్డంగి అవసరాలు రాసినవారు, లెక్కలు మార్చినవారు, పరీక్షించినవారు, సిబ్బందికి నేర్పబోయేవారు. ఆ వరుసలో వింటే వినేవారికి ప్రాజెక్టే అర్థమవుతుంది. పెద్ద హోదా ఉన్నవారు నొచ్చుకుంటారనుకుంటే ముందురోజు వాక్యం వినిపించేటప్పుడే వారికి చెప్పండి. గదిలో మొదటిసారి తెలిస్తేనే నొప్పి.

మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

- గత త్రైమాసికం స్లయిడును కాపీ చేయకండి. ఉద్యోగం మానేసినవారి ఫోటో తెరమీద కనబడిన సమీక్షలు రెండు చూశాను. రెండోదానిలో ఆ మనిషి అప్పటికే పోటీ సంస్థలో ఉన్నాడు.
- స్లయిడులో రాసిన పనీ, నోటితో చెప్పే పనీ ఒకటే కావాలి. తేడా ఉంటే వాళ్లు స్లయిడునే నమ్ముతారు.
- గదిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పండి. "ఇంకా మిగతా బృందం" అన్నారో, ఆ మిగతాలో కూర్చున్నవారికి ఆ రోజు అక్కడితో ముగిసినట్టే.
- గదిలో లేనివారి పేర్లు చదవకండి. "వైజాగ్ గిడ్డంగిలో మరో ముగ్గురు" అంటే చాలు.
- బయటి సంస్థ నుంచి వచ్చినవారిని ఆ సంస్థ పేరుతోనే చెప్పండి. మనవారని చెప్పి, తర్వాత జీతం ఎవరిస్తున్నారన్న చర్చలోకి లాగించకండి.
- "మా అమ్మాయి", "మా కుర్రాడు" వద్దు. ప్రేమగా అన్నా వద్దు.
- ఒకరికి "గారు" అంటే అందరికీ అనండి.
- పేరు పలకడం తెలియకపోతే ఈరోజే ఫోను చేసి ఆ మనిషినే అడగండి. పొడి అక్షరాలతో నెట్టుకురాకండి.
- వీడియోలో ఉన్నవారి పేరు మీరు చెప్పేసరికి వారు కెమెరా వేసి ఉండాలి. తెరమీద వారి పేరుకు బదులు "Conference Room 3" అని కనబడితే మీరు చెప్పింది ఎవరి గురించో ఎవరికీ తెలియదు.
- పరిచయంలో జోకులు వేయకండి.
- ఎవరి పొరపాటూ పరిచయంలో చెప్పకండి, సరదాకైనా.
- మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడం మరిచిపోకండి. మీ వాక్యంలోనూ "చూసుకుంటాను" ఉండకూడదు.
- పైవారెవరైనా ఆఖరి నిమిషంలో వచ్చి "ఇతన్ని కొంచెం ఎత్తి చెప్పండి" అంటే తల ఊపకండి. అతను చేసిన పని చెప్పండి, చేయని పని అతని పేరు పక్కన పెట్టకండి.
- కొత్తగా చేరినవారి విషయంలో రెండుసార్లు సరిచూసుకోండి.
- ముందురోజు వినిపించిన వాక్యాన్ని గదిలో మార్చకండి. ఒక్క మాట కూడా.
- మళ్లీ చెబుతున్నాను: అడగకుండా ఎవరి పేరు పక్కనా పని పెట్టకండి.

ఆ జులై ప్రాజెక్టు ఈసారి మళ్లీ సమీక్షకు వస్తోంది. పరిచయం రాసిన కాగితాన్ని మేనేజరు నాకు నిన్న పంపారు. ఆవిడ వాక్యం ఈసారి మొదట్లోనే ఉంది, బాగుంది. నాలుగో వాక్యంలో మాత్రం "చూసుకుంటారు" కనబడింది. ఎర్ర సిరాతో చుట్టి వెనక్కి పంపాను.