నకిలీ షాపింగ్ సైట్ల గుంపుపై ఒకే ఫిర్యాదు: దరఖాస్తు విధానం

నకిలీ దుకాణం సైటు ఒక్కటే ఉండటం అరుదు. ఒకదాన్ని మూయిస్తే అదే సరుకు, అవే ఫొటోలతో ఇంకో పేరు మీద నడుస్తూనే ఉంటుంది. అందుకే విడివిడిగా కాకుండా గుంపుగా ఫిర్యాదు చేయడం మేలు. అయితే గుంపు కట్టడంలో తొందరపడితే ఏ పాపం ఎరుగని దుకాణం కూడా అందులో చిక్కుకుంటుంది. ఈ దరఖాస్తులో అసలు పనంతా అక్కడే ఉంది.

ఒక ముందు మాట. డబ్బు పోయినవారు ముందుగా 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి. ఇక్కడ చెబుతున్నది సైటును ఆపించే దరఖాస్తు గురించి. ఇది డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌కు, సైటును నిలబెట్టిన హోస్టింగ్ కంపెనీకి వెళ్తుంది. దీనికి రుసుము లేదు. బాధితులే పెట్టాలని కూడా లేదు.

ఉదాహరణగా పట్టు చీరల సైట్లు ఏడు తీసుకుందాం. పేర్లు, నంబర్లు మార్చి రాస్తున్నాను. అన్నిట్లోనూ వేల రూపాయల చీర 799కే, ముందే డబ్బు కట్టాలి. ముందుగా ప్రతి డొమైన్‌కూ ఈ మూడు కమాండ్లు నడపాలి.

```
dig +short A zari-utsav.example
whois 203.0.113.45
curl -sL https://rdap.org/domain/zari-utsav.example
```

మొదటిది సైటు ఏ ఐపీ అడ్రస్ మీద ఉందో చెబుతుంది. రెండోది ఆ అడ్రస్ ఏ కంపెనీదో, ఫిర్యాదు పంపాల్సిన మెయిల్ ఏదో చూపిస్తుంది. మూడోదానిలో రిజిస్ట్రార్ పేరు, డొమైన్ నమోదైన తేదీ, నేమ్‌సర్వర్లు ఉంటాయి. కమాండ్లు నడపడం రానివారికి lookup.icann.org లో డొమైన్ కొడితే నమోదు వివరాలు బ్రౌజర్‌లోనే వస్తాయి. యజమాని పేరు మాత్రం ఆశించవద్దు. 2018లో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చాక ఆ గడి చాలావరకు మూసే ఉంటోంది. మనకు పనికొచ్చేవి తేదీ, రిజిస్ట్రార్, నేమ్‌సర్వర్లే.

మన ఏడింటిలో అయిదు 203.0.113.45 మీదే ఉన్నాయి. మిగతా రెండూ క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉన్నాయి. ఇక్కడే చాలామంది అయిదూ ఒకరివేనని రాసేస్తారు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే అడ్రస్ మీద వందల సైట్లు ఉంటాయి. వాటి యజమానులకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. క్లౌడ్‌ఫ్లేర్ అడ్రస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది సైటుకు ముందు నిలబడే కాపలాదారుది మాత్రమే. కాబట్టి ఐపీని అనుమానానికి మొదటి మెట్టుగానే వాడాలి, రుజువుగా కాదు.

నమోదు తేదీలు చూస్తే సంగతి కొంత తేలింది. అయిదింటిలో నాలుగు 2025 మార్చి 11 నుంచి 13 లోపు ఒకే రిజిస్ట్రార్ దగ్గర, ఒకే నేమ్‌సర్వర్లతో పుట్టాయి. అయిదోది 2019 నాటిది, రిజిస్ట్రార్ కూడా వేరు. తెరిచి చూస్తే ఒక ఊళ్లో చిన్న చేనేత దుకాణం వాళ్లది. ధర తక్కువ పెట్టి పాత స్టాకు అమ్ముతున్నారు, అంతే. దాన్ని జాబితాలోంచి తీసేశాం. ఇలాంటిది ఒక్కటి పొరపాటున వెళ్తే, చదివే ఉద్యోగి మిగతా నాలుగింటినీ అనుమానంతోనే చూస్తాడు.

ఇక పేజీ టెంప్లేట్. ఒకే థీమ్ కనిపించిందని సంబరపడకూడదు, ఆన్‌లైన్ దుకాణాల థీమ్‌లను వేలమంది వాడుతుంటారు. వెతకాల్సినది థీమ్‌ను కాదు, మనుషులు అందులో వదిలిన జాడల్ని. రిటర్న్ పాలసీ పేజీని అడుగుదాకా చదవండి. మన ఆరు సైట్లలోనూ ఆ పేజీలో ఇంకో దుకాణం పేరు ‘సరస్వి హ్యాండ్లూమ్స్’ అని మిగిలిపోయింది. ‘డెలివరీ’ స్పెల్లింగ్ తప్పు కూడా అన్నిట్లో ఒకే చోట ఉంది. పేజీ సోర్సులో ప్రకటనల పిక్సెల్ నంబర్ అన్నిటికీ ఒక్కటే. ఈ నంబర్ ప్రకటనదారుడి ఖాతాది కాబట్టి ఐపీ కన్నా చాలా బలమైన లంకె. క్లౌడ్‌ఫ్లేర్ వెనకున్న రెండు సైట్లు ఏప్రిల్‌లో వేరే రిజిస్ట్రార్ దగ్గర నమోదైనా, గుంపులోకి వచ్చింది ఈ జాడల వల్లే.

గుంపు తేలినంత మాత్రాన మోసం తేలదు. అది ప్రతి సైటుకూ విడిగా చూపాలి. సైటు కింద రాసిన జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. మన సైట్లు హైదరాబాద్ చిరునామా ఇచ్చి 07తో మొదలయ్యే నంబరు పెట్టాయి. తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్‌ది 37, 07 ఢిల్లీది. ఆ నంబరు మీద వచ్చిన సంస్థ పేరు కూడా చీరలతో సంబంధం లేనిది. మోసం చూపడానికి డబ్బు కట్టి పరీక్షించే సాహసం మాత్రం వద్దు.

ఫిర్యాదు ఇంగ్లిష్‌లోనే రాయాలి, చదివేవారు ఎక్కడో ఉంటారు. మొదటి రెండు వాక్యాల్లో ఏం జరుగుతోందో చెప్పి, తర్వాత సైటుకో వరుస చొప్పున పట్టిక ఇవ్వండి: పూర్తి లింకు, ఐపీ, నమోదు తేదీ, గుంపుతో కలిపే జాడ, మోసానికి రుజువు, స్క్రీన్‌షాట్ తీసిన తేదీ, భారత కాలమానంలో సమయం. మన ఆరింటికి ఒకే పట్టిక ఉన్నా అది ముక్కలుగా వెళ్తుంది. మార్చిలో నమోదైన నాలుగు సైట్లవీ మొదటి రిజిస్ట్రార్‌కు, వాటి హోస్టింగ్ కంపెనీకి. ఏప్రిల్‌లో నమోదైన రెండు సైట్లవీ రెండో రిజిస్ట్రార్‌కు, క్లౌడ్‌ఫ్లేర్ ఫారానికి. తమవి కాని డొమైన్ల మీద వాళ్లేమీ చేయలేరు గనుక, మిగతావాటిని ‘సంబంధిత సైట్లు’ అని కింద ప్రస్తావిస్తే చాలు. ఫారంలో మీ పేరు సైటు యజమానికి పంపాలా అని అడిగే గడి ఉంటే చదివి ఎంచుకోండి.

ఏ రకం ఫిర్యాదని అడిగే చోట జాగ్రత్త. ప్రపంచ డొమైన్ల వ్యవస్థను చూసే ICANN రిజిస్ట్రార్లతో చేసుకున్న ఒప్పందంలో 2024 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, ఫిషింగ్, మాల్‌వేర్ వంటివాటికి తగిన ఆధారం అందితే రిజిస్ట్రార్ వెంటనే చర్య తీసుకోవాల్సిందే. సైటు తన పేజీలోనే కార్డు నంబరు, ఓటీపీ దోచుకుంటుంటే అది ఫిషింగ్, అలాగే రాయండి. డబ్బు తీసుకుని సరుకు పంపని దుకాణం మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు. దానికి హోస్టింగ్ కంపెనీ నిబంధనలే దారి. .in డొమైన్లు ICANN ఒప్పందం కిందికి రావు, రిజిస్ట్రార్ పలకకపోతే .in డొమైన్లను నిర్వహించే నిక్సీకి రాయాలి.

‘మాకు సైటులో ఏమీ కనిపించలేదు’ అన్న జవాబు తరచూ వస్తుంది. ఈ సైట్లు చాలావరకు ప్రకటన లింకు నొక్కి, భారతదేశం నుంచి, మొబైల్‌లో వచ్చినవారికే దుకాణం చూపిస్తాయి. కంప్యూటర్‌లో తెరిస్తే ఖాళీ పేజీయో, ఏదో వంటల బ్లాగో వస్తుంది. అందుకే ప్రకటనలో వచ్చిన పూర్తి లింకును, ఫేస్‌బుక్ దాని చివర తగిలించే fbclid ముక్కతో సహా ఇచ్చి, ఏ ఫోన్‌లో, ఏ నెట్‌వర్క్ మీద చూశారో రాయాలి. తెర నడుస్తుండగా తీసిన చిన్న వీడియో జతచేస్తే ఈ వాదన చాలావరకు ఆగిపోతుంది.

పంపాక అందినట్టు రిజిస్ట్రార్ ఇచ్చే ధ్రువీకరణ మెయిల్ దాచుకోండి. జవాబు రాకపోతే icann.org లో రిజిస్ట్రార్ మీద ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మెయిలే కావాలి. ఫలితం తెలుసుకోవడానికి మళ్లీ నమోదు వివరాలు చూడండి. స్టేటస్ దగ్గర `client hold` కనిపిస్తే రిజిస్ట్రార్ డొమైన్‌ను ఆపేసినట్టే. ఆ మాట లేకుండా సైటు మాత్రమే తెరుచుకోకపోతే హోస్టింగ్ కంపెనీ తీసేసి ఉండవచ్చు. అప్పుడు డొమైన్ ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటుంది, వేరే హోస్ట్‌కు మార్చుకుని తిరిగి తెరవగలరు. అదే పిక్సెల్ నంబరుతో కొత్త పేరు కనిపిస్తే పాత ఫిర్యాదు నంబరు రాసి, కొత్త వరుసను దానికే జతచేసి పంపండి.