యాంకర్ ముఖానికి మెరుగులు, 4వ పాఠం: ముందు మెరుపు, ఆ తర్వాతే మచ్చలు

కిందటి పాఠంలో DaVinci Resolve లో ముఖచర్మాన్ని Qualifier తో రంగును బట్టి ఎంచుకుని, Midtone Detail ను తగ్గించి నునుపు చేయడం నేర్చుకున్నాము. ఆ తర్వాత మీరు చేసి పంపిన క్లిప్పులన్నిటినీ చూశాను. దాదాపు అన్నిటిలోనూ ఒకే లోపం కనిపించింది. బుగ్గలు మైనం పూసినట్టు నున్నబడిపోయాయి, నుదురు మాత్రం ఎప్పటిలాగే జిడ్డుగా మెరుస్తోంది. ఆ నుదుటి కోసమే కొందరు స్లయిడర్‌ను -100 దాకా లాగారు. దాంతో బుగ్గలు మరింత పాడయ్యాయి తప్ప మెరుపు కదల్లేదు. మెరుపు సంగతి చెప్పకుండా నునుపు సంగతి ముందు చెప్పడం నా పొరపాటు. కాబట్టి ఈరోజు అనుకున్న కొత్త విషయాన్ని పక్కనబెట్టి, ఈ చిక్కునే విప్పుకుందాము.

నుదుటి మీద మెరిసేది చర్మం కాదు, చర్మం మీది జిడ్డులోనో చెమటలోనో ప్రతిఫలించిన దీపం. అందువల్ల దానికి చర్మం రంగు ఉండదు, దీపం రంగు ఉంటుంది. మీరు బుగ్గ మీద రంగును పట్టుకుని ఎంచుకున్నప్పుడు, తెల్లబారిన ఆ నుదుటి భాగం ఎంపికలోకి రానే రాదు. Shift+H నొక్కి, Highlight ను B/W కి మార్చి, ఎంపికను చూపే మాట్‌ను నలుపు తెలుపుల్లో చూడండి. ముఖమంతా తెల్లగా ఉండి, నుదుటి మీద నల్లటి చిల్లు కనిపిస్తుంది. మీరు వేసిన మృదుత్వం ఆ చిల్లు మీద పడలేదు. పడినా ప్రయోజనం ఉండేది కాదు, ఎందుకంటే మెరుపును మసకబరిస్తే అది పోదు, పక్కకు పరుచుకుంటుంది. అందుకే మెరుపును ముందు నోడ్‌లో దించాలి, చర్మాన్ని దాని తర్వాతి నోడ్‌లో ఎంచుకోవాలి.

నేను ఇటీవల చేసిన ఒక వంటల కార్యక్రమాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. యాంకర్‌ది చామనఛాయ, నుదుట బొట్టు, ముక్కుకు ముక్కుపుడక. పొయ్యి వేడికి చెమట పట్టింది, పైనుంచి ఒక ఎల్‌ఈడీ ప్యానెల్ నేరుగా నుదుటి మీద పడుతోంది. వెలుగును కొలిచే వేవ్‌ఫామ్‌లో 1023 కొలతకు గాను బుగ్గ 500 దగ్గర, నుదుటి మెరుపు 860 దగ్గర ఉన్నాయి. 860ని బుగ్గతో సమానం చేయాలని నేను అనుకోను. వెలుగుకు ఎదురుగా ఉన్న నుదురు బుగ్గ కన్నా కాస్త కాంతిగా ఉండటమే సహజం, ఆ తేడా వల్లనే ముఖానికి గుండ్రదనం వస్తుంది. దాన్ని 650 దగ్గర ఆపాను.

నోడ్ వేయడం, విండో గీసి ట్రాక్ చేయడం మీకు వచ్చు కనుక వాటి జోలికి పోను. నుదుటికి ఒక విండో, ముక్కుకు ఒక విండో వేస్తే చాలు. ముఖమంతటికీ ఒకే విండో వేస్తే కంట్లోని కాంతిచుక్క, పళ్లు కూడా ఎంపికలోకి వచ్చి చూపు నిర్జీవమవుతుంది. ముక్కుపుడక రాయిని విండో బయటే ఉంచాను. ఇక Qualifier లో రంగును, గాఢతను ఆపేసి Luminance ఒక్కదాన్నే వాడాలి.

ఇక్కడ అంచు మెత్తగా ఉండటం ముఖ్యం. 600 దగ్గర ఎంపికను కత్తిరించినట్టు మొదలుపెట్టి, Gain ను 0.76కి దించారనుకోండి. 860 వచ్చి 654 అవుతుంది, అది సరే. కానీ 600 కూడా 456 అవుతుంది, దాని పక్కనే ఎంపికకు బయట ఉన్న 590 అలాగే ఉండిపోతుంది. మెరుపు చుట్టూ నల్లటి వలయం ఏర్పడేది ఇలాగే. ఎంపిక 520 దగ్గర సన్నగా మొదలై 860 దగ్గరకు వచ్చేసరికి నిండుగా అయ్యేలా మెత్తదనాన్ని పెంచితే, దిగుదల క్రమంగా ఉండి వలయం రాదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే తప్పు గురించి చెబుతాను. వెలుగు దించి ఊరుకుంటే నుదురు బూడిదరంగుకు తిరుగుతుంది. విభూతి రాసి తుడిచినట్టు ఉంటుంది. తెల్లటి ముఖాల మీద అది అంతగా తెలియదేమో కానీ, మన ఛాయల మీద తప్పకుండా తెలుస్తుంది. కారణం లెక్కలో చూస్తే సులువుగా బోధపడుతుంది. ఆ యాంకర్ బుగ్గలో ఎరుపు 620, ఆకుపచ్చ 480, నీలం 390. మెరుపులో అవి 880, 860, 840. మూడూ దాదాపు సమానం, అంటే తెలుపు. మూడింటినీ సమంగా దించితే మిగిలేది తక్కువ వెలుగున్న తెలుపు, దాన్నే మనం బూడిదరంగు అంటాము. చాలామంది ఇక్కడ Saturation పెంచి చూస్తారు. అది ఉన్న తేడాను సాగదీస్తుంది, తేడాయే లేని చోట ఏమీ చేయలేదు. కనుక రంగును మనమే పోయాలి. Gain లో మూడింటినీ విడివిడిగా, ఎరుపును 0.82కి, ఆకుపచ్చను 0.74కి, నీలాన్ని 0.66కి దించాను. అప్పుడు మెరుపు 722, 636, 554 అయింది. బుగ్గ నిష్పత్తికి సగం దూరమే వచ్చింది, నేను అక్కడే ఆగుతాను. పూర్తిగా బుగ్గ రంగుకు తెస్తే నుదుటి మీద అతుకు వేసినట్టు కనిపిస్తుంది. మీ క్లిప్‌లో అంకెలు వేరుగా ఉంటాయి, వరుస మాత్రం ఇదే: ఎరుపు అన్నిటికన్నా తక్కువ దిగాలి, నీలం అన్నిటికన్నా ఎక్కువ దిగాలి.

మెరుపు 1023కు తగిలి తెగిపోయిన చోట ఈ పద్ధతికి హద్దు ఉంది. అక్కడ చర్మరంధ్రాల ఆనవాలే లేదు కనుక, ఎంత దించితే అంత చదునైన అతుకు బయటపడుతుంది. అలాంటి చోట కొద్దిగా మాత్రమే దించి, మిగిలిన మెరుపును ఒప్పుకోవాలి. షూటింగ్‌లో ఉంటే టేకుల మధ్య టిష్యూతో అద్దమని చెప్పండి. తుడిస్తే మేకప్ పోతుంది, అద్దితే జిడ్డు మాత్రమే పోతుంది.

మెరుపు దిగాక తర్వాతి నోడ్‌లో చర్మాన్ని మళ్లీ ఎంచుకోండి. ఇప్పుడు మాట్‌లో చిల్లు దాదాపు పూడి ఉంటుంది. Midtone Detail ను -25 దాటనివ్వను. అదీ ఎక్కువనిపిస్తే స్లయిడర్‌ను కదపకుండా Key Output లోని Gain ను 0.7కి తగ్గిస్తాను. పెద్ద మొటిమను ఈ నునుపుతో చెరపాలని చూడకండి. మొటిమ పది పదిహేను పిక్సెళ్ల వెడల్పు ఉంటే చర్మరంధ్రాలు రెండు మూడు పిక్సెళ్లే ఉంటాయి. మొటిమను కరిగించేంత మసక ముందుగా వాటిని మింగేస్తుంది, ప్లాస్టిక్ బొమ్మలా కనిపించడానికి అసలు కారణం అదే. ఒక్కో మొటిమకు చిన్న గుండ్రటి విండో వేసి, అంచులు మెత్తబరిచి, ట్రాక్ చేసి, అందులో ఎరుపును మాత్రం కాస్త దించండి. మానిన మొటిమ వదిలిన నల్లమచ్చ అయితే Gamma ను కొద్దిగా ఎత్తండి. ఉబ్బు అలాగే ఉంటుంది, కానీ రంగు చుట్టూ ఉన్న చర్మంతో కలిసిపోయాక చూసేవారి కన్ను దాని మీద ఆగదు. ఆ వంటల యాంకర్ ఎడమ బుగ్గ మీద మూడు మచ్చలకు ఇలా మూడు విండోలు వేశాను, ముఖమంతటికీ వేసిన నునుపు -18 దగ్గరే సరిపోయింది.

సరిచూడటం ఆపి ఉంచిన ఫ్రేమ్ మీద కాదు, ఆడుతున్న వీడియో మీద, 100 శాతం పరిమాణంలో జరగాలి. ముఖాన్ని వదిలి మెడను చూడండి. మెడ మీద గీతలు స్పష్టంగా ఉండి దవడ మైనంలా ఉంటే నునుపు ఎక్కువైనట్టు. తల తిప్పినప్పుడు నుదుటి మీద ఏదో ఈదుతున్నట్టు అనిపిస్తే విండో జారినట్టు, మెరుపు వచ్చిపోతూ మిణుకుమంటే ఎంపిక అంచు ఇంకా గట్టిగా ఉన్నట్టు.

అభ్యాసానికి మీ దగ్గరున్న పాత క్లిప్పుల్లోంచి, మాట్లాడే మనిషి కనీసం ఒకసారి పక్కకు తిరిగి మళ్లీ కెమెరా వైపు చూసే 20 సెకన్ల భాగాన్ని తీసుకోండి. మొదట Midtone Detail ను అసలు తాకకుండా మెరుపు నోడ్‌తోనూ మచ్చల విండోలతోనూ మాత్రమే పని పూర్తి చేసి ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత నునుపు నోడ్‌ను చేర్చి ఇంకోసారి చేయండి. రెండు ఫైళ్లను మరునాడు ఫోన్‌లోనూ టీవీలోనూ చూసి, నునుపు నోడ్ వల్ల నిజంగా ఏ క్షణంలో మేలు జరిగిందో టైమ్‌కోడ్‌తో సహా రాసి పంపండి.