తడిసిన టీసీకి నకలు తెచ్చుకున్న తీరు

కర్నూలులో కురిసిన వానకు బీరువాలోకి నీరు చేరి మా అమ్మాయి టీసీ తడిసింది. ఇంకు అలుక్కుపోయి పుట్టిన తేదీ, ప్రధానోపాధ్యాయుల సంతకం చెరిగిపోయాయి. అడ్మిషన్ నంబరు మాత్రం స్పష్టంగా మిగిలింది. రిజిస్టరులో వెతకడానికి అదే ఆధారం.

పోయిందని రాసివ్వమని కొందరు సలహా ఇచ్చారు. అది నిజం కాదు. పైగా పోయిందంటే పోలీసుల నుంచి కాగితం తెమ్మనే అవకాశం ఉంది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు,
మా కుమార్తె 2023లో మీ పాఠశాలలో పదో తరగతి పూర్తి చేసింది. మీరిచ్చిన టీసీ వాన నీటికి తడిసి చదవడానికి వీలులేకుండా పాడైంది. అసలు పత్రాన్ని జతచేస్తున్నాను. రికార్డులు పరిశీలించి నకలు ఇప్పించవలసిందిగా ప్రార్థన."

దీని కింద అమ్మాయి పేరు, తండ్రి పేరు, అడ్మిషన్ నంబరు, నా ఫోను నంబరు రాశాను. మడతలు అంటుకున్న కాగితాన్ని బలవంతంగా విప్పకుండా నీడలో ఆరబెట్టి, ఫోటో తీసుకున్నాకే ఇచ్చాను. లేఖ రెండో ప్రతిపై అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

గుమస్తా అడ్మిషన్ రిజిస్టరు, పాత టీసీ కౌంటర్‌ఫాయిల్ చూసి కొత్తది రాశారు. పైన ఎర్ర సిరాతో 'నకలు' అని ఉంది. అక్కడే పదో తరగతి మార్కుల మెమోతో పోల్చి చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తేడా కనిపించింది. వెంటనే సరిచేసి, సంతకం, ముద్ర వేసి ఇచ్చారు.