రౌండ్స్‌లో కేసు చెబుతుంటే మధ్యలోనే ఆపేస్తున్నారా?

నెల్లూరులో మెడిసిన్ వార్డులో పనిచేస్తున్నాను. కొత్త హౌస్ సర్జన్లు కేసు చెప్పేటప్పుడు దాదాపు ఒకే చోట్ల తడబడతారు. కొత్త పేషెంటుకి మూడు నిమిషాలు సరిపోతాయి. ఆ మూడు నిమిషాలు ఎక్కడ చేజారుతున్నాయో ఒకే కేసు పట్టుకుని చూద్దాం. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన మేకల కాపరి, జ్వరంతో రాత్రి చేరాడు.

సమస్య: అర నిమిషం కాకముందే "ఇంతకీ ఆయనకి ఏందయ్యా?" అని చీఫ్ అడుగుతారు

కారణం: పేషెంటు చెప్పిన వరసలోనే మనమూ చెబుతాం. సోమవారం మేకలు తోలుకొచ్చాక చలేసింది, మంగళవారం ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకున్నాడు, బుధవారం తగ్గినట్టే ఉండింది... ఇలా సాగుతుంది. ఆయన్ని ఆస్పత్రికి తెచ్చిన ఆయాసం మాత్రం ఆఖర్న వస్తుంది.

పరిష్కారం: మొదటి వాక్యంలోనే వయసు, పని, పాత జబ్బులు, బాధ ఎన్నాళ్లుగా ఉందో, ఎందుకు చేర్చుకున్నామో చెప్పేయండి. "45 ఏళ్ల మేకల కాపరి, షుగరు, బీపీ లేవు, 8 రోజులుగా చలిజ్వరం, 2 రోజులుగా ఆయాసం; ఆక్సిజన్ తగ్గిందని రాత్రి చేర్చుకున్నాం." ఆ తర్వాత మీరు అనుమానించే జబ్బులకు పనికొచ్చే సంగతులు చాలు: కొండ పొదల్లో పడుకుంటాడు, కామెర్లు లేవు, రక్తస్రావం లేదు, మూత్రం బాగానే వస్తోంది. ఊళ్లో వేసిన ఇంజెక్షన్ ఏదో కనుక్కుని చెప్పండి. అది యాంటీబయాటిక్ అయితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

సమస్య: "మిగతా పరీక్ష అంతా నార్మల్ సార్" అన్నాక మంచం దగ్గరే కొత్త లక్షణం బయటపడుతుంది

ఇది నాకే జరిగింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి పేషెంటునే చూసి, చర్మం మీద ఏమీ లేదన్నాను. చీఫ్ నెమ్మదిగా ఆయన లుంగీ ముడి వదులు చేయించి మొలతాడు పక్కకి జరిపారు. దాని కింద చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టుంది. నొప్పీ దురదా ఉండవు గనక పేషెంటుకే తెలియదు. స్క్రబ్ టైఫస్‌లో చిగ్గర్ కుట్టిన చోట పడే ఎస్చార్ అది.

కారణం: చూడని చోటుని కూడా "నార్మల్" కింద కలిపేశాను.

పరిష్కారం: వైటల్స్ అంకెల్లో చెప్పండి: జ్వరం 102.4, నాడి 118, బీపీ 100/60, శ్వాస 28, గాలి మీద ఆక్సిజన్ 91 శాతం. తర్వాత దొరికినవి, వెతికినా దొరకనివి. "ఎస్చార్ కోసం చంకలు, గజ్జలు, మొలతాడు కింద చూశాను" అన్నారంటే వినేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. చూడకపోతే చూడలేదని చెప్పండి, రౌండ్స్‌లోనే చూస్తారు. ఎస్చార్ లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనడానికి లేదు. చాలామందిలో అది కనిపించదు.

సమస్య: "మీరేమనుకుంటున్నారు?" అంటే "ఫీవర్ అండర్ ఎవాల్యుయేషన్" అనేసి ఆగిపోతాం

కారణం: తప్పు చెబుతామేమోనన్న భయం. దాంతో రిపోర్టులు మళ్లీ చదువుతాం.

పరిష్కారం: ఒక జబ్బు పేరు చెప్పి, ఎందుకో చెప్పి, రెండోది ఎందుకు వెనక పెట్టారో చెప్పండి. "స్క్రబ్ టైఫస్ అనుకుంటున్నాను సార్, ఊపిరితిత్తులకి సోకింది. ఎస్చార్ ఉంది, ప్లేట్‌లెట్లు 62 వేలు, కాలేయ ఎంజైములు పెరిగాయి, రెండు వైపులా కింది భాగంలో క్రెప్స్ ఉన్నాయి. డెంగీని పూర్తిగా వదల్లేదు. NS1 నెగటివ్ వచ్చింది గానీ ఎనిమిదో రోజున ఆ నెగటివ్‌ని నమ్మలేం, IgM పంపాను." ఆ చివరి వాక్యం మీ ఆలోచనని చూపిస్తుంది. చీఫ్ ఒప్పుకోకపోయినా ఎక్కడ విభేదించాలో ఆయనకి తెలుస్తుంది.

సమస్య: ప్లాన్ చెప్పారు, సాయంత్రానికి సగం పని జరగలేదు

కారణం: ప్లాన్ అంటే పరీక్షల జాబితా అయిపోయింది. ఎవరు, ఎప్పుడు చేయాలో, ఫలితం ఎలా వస్తే ఏం చేయాలో అందులో లేదు.

పరిష్కారం: ప్రతి పనికీ మనిషినీ వేళనీ తగిలించండి. "స్క్రబ్ IgM వచ్చేదాకా ఆగకుండా రాత్రే మందు మొదలుపెట్టాం. తీవ్రమైన కేసు గనక డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ సిరలోకే ఇస్తున్నాం. మాస్కుతో ఆక్సిజన్ 94 పైన ఉంచాలి, సిస్టర్ గంటగంటకీ శ్వాస లెక్కపెడతారు. శ్వాస 30 దాటినా, మాస్కు ఉండి ఆక్సిజన్ 90 కిందకి జారినా ఐసీయూకి ఫోన్ చేస్తాను. 48 గంటల్లో జ్వరం దిగకపోతే జబ్బు గురించే మళ్లీ ఆలోచిస్తాం."

మర్నాటి రౌండ్స్‌లో ఈ కథంతా మళ్లీ చెప్పొద్దు. "స్క్రబ్ టైఫస్, మందు మొదలుపెట్టి రెండో రోజు, జ్వరం 100కి దిగింది, శ్వాస 22, ఆక్సిజన్ రెండు లీటర్లకి తగ్గించాం, ప్లేట్‌లెట్లు రేపు ఉదయం మళ్లీ పంపుతాను."