సెర్విక్స్ పొడవు సరిగ్గా కొలిపించుకోవడం ఎలా? ఆ తర్వాత ప్రొజెస్టెరానా, కుట్టా?

అయిదో నెల స్కాన్ రిపోర్టులో ఎక్కడో చివర "సెర్విక్స్ పొడవు ఇంత" అని ఒక లైన్ ఉంటుంది. సగం మంది దాన్ని చూడకుండానే ఫైల్లో పెట్టేస్తారు, మిగతా సగం ఆ అంకె చూసి రాత్రంతా నిద్రపోరు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగేవాళ్లు మాత్రం దాదాపు ఉండరు. నేను రోజూ ఈ కొలతలు తీసేదాన్ని, అందుకే ముందే చెప్పేస్తున్నా: పొట్ట మీద నుంచి, నిండు బ్లాడర్‌తో కొలిచిన పొడవును పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి.

సెర్విక్స్ అంటే గర్భసంచి మూతి. లోపలి ద్వారం నుంచి బయటి ద్వారం వరకు, మధ్యలో ఉండే సన్నటి దారి పొడవునే మనం కొలుస్తాం. ఒక్క బిడ్డే ఉన్న గర్భంలో, 24 వారాల లోపు అది 25 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే పొట్టి అంటారు. అంటే నెలలు నిండకుండా కాన్పయ్యే రిస్క్ పెరిగిందని అర్థం, అయిపోతుందని కాదు.

ఎప్పుడు చేయించుకోవాలంటే, మామూలుగా 18 నుంచి 24 వారాల మధ్య. ఇంతకుముందు నెలలు నిండకుండా దానంతట అదే కాన్పు అయినా, నాలుగైదు నెలల్లో గర్భం పోయినా 16వ వారం నుంచి మొదలుపెట్టి 24 వరకు రెండు వారాలకోసారి, కొలత 25 నుంచి 29 మధ్యకు దిగితే వారానికోసారి. 16 వారాలకన్నా ముందు కొలిస్తే గర్భసంచి కింది భాగం, సెర్విక్స్ విడివిడిగా కనిపించవు, రెండూ కలిపి కొలిచేసి "బాగా పొడవుంది" అని పంపేస్తారు.

తయారీకి పెద్దగా ఏం లేదు. యూరిన్‌కి వెళ్లిరండి, పడుకోండి, తొడుగు వేసి జెల్ రాసిన సన్నటి ప్రోబ్‌ను యోనిలో పెడతారు. ప్రోబ్ సెర్విక్స్ లోపలికి వెళ్లదు, దాని ముందరే ఆగుతుంది, బిడ్డకు ఏమీ కాదు. "లోపలి స్కాన్ వద్దు, పైనుంచే చూడండి" అనేవాళ్లకు నా జవాబు ఒకటే. పైనుంచి చూడాలంటే బ్లాడర్ నిండాలి, నిండిన బ్లాడర్ సెర్విక్స్‌ను నొక్కి పొడుగ్గా చూపిస్తుంది, లోపలి ద్వారం తెరుచుకుని ఉన్నా మూసేసినట్టు కనిపిస్తుంది. ఏది కనిపించాలో అదే దాగిపోతుందన్నమాట.

ఇక అసలు చిక్కంతా ప్రోబ్‌ను ఎంత నొక్కుతున్నాం అన్న దగ్గరే ఉంది. బొమ్మ స్పష్టంగా రావాలని కొత్తవాళ్లు ప్రోబ్‌ను లోపలికి నెడుతూనే ఉంటారు. సెర్విక్స్ మెత్తటిది, జడ రబ్బరు లాగినట్టు సాగుతుంది. తెర మీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, కొలత మాత్రం తప్పు. సరైన పద్ధతి ఏమిటంటే, ముందు సెర్విక్స్ మొత్తం కనిపించేలా తెచ్చుకుని, తర్వాత బొమ్మ మసకబారే దాకా ప్రోబ్‌ను మెల్లగా వెనక్కి తీయాలి, మళ్లీ బొమ్మ స్పష్టమయ్యేంత వరకే, అంటే ఆ కాస్తే, ముందుకు ఆనించాలి. నొక్కుడు ఎక్కువైందో లేదో తెలుసుకోవడం తేలికే: సెర్విక్స్ ముందు పెదవి, వెనక పెదవి ఒకే మందంలో ఉండాలి. ముందుది పలచబడిందంటే చెయ్యి బరువైందన్నట్టే.

తర్వాత బొమ్మను పెద్దది చేసి, తెరలో సగానికి పైగా సెర్విక్సే ఉండేలా చూసుకోవాలి. క్యాలిపర్, అంటే తెర మీద కొలత గుర్తు, పెట్టే చోటు ఇంకో ముఖ్యమైన సంగతి. లోపలి ద్వారం గరాటులా తెరుచుకుని ఉంటే, ఆ గరాటు పైఅంచు నుంచి కాదు, గోడలు రెండూ కలిసే మొన నుంచి కొలవాలి. తెరుచుకున్న భాగం లెక్కలోకి రాదు, మూసుకుని ఉన్నదే పొడవు. దారి కొంచెం వంగి ఉంటే దాని వెంటే గీయనక్కర్లేదు, తిన్నటి గీత చాలు. నిజంగా పొట్టిదైన సెర్విక్స్ ఎలాగూ తిన్నగానే ఉంటుంది.

తొందరపడొద్దు. కనీసం మూడు నుంచి అయిదు నిమిషాలు చూస్తూ ఉండాలి, ఎందుకంటే సెర్విక్స్ మన కళ్ల ముందే పొట్టిదవుతుంది, గరాటు తెరుచుకుంటుంది. పొట్ట పైభాగాన్ని చేత్తో మెల్లగా నొక్కి కాసేపు చూడాలి. మూడు కొలతలు తీసి, వాటిలో బాగా వచ్చినవాటిలోంచి అన్నిటికన్నా చిన్నదాన్నే రిపోర్టులో రాయాలి, సగటు కాదు. మొదటి బొమ్మను నేనైతే అసలు లెక్కలోకే తీసుకోను, మీ డాక్టరూ తీసుకోకూడదు. కొలత 50 దాటి వస్తే సంతోషించకుండా అనుమానించాలి: గర్భసంచి కింది భాగం బిగుసుకుని సెర్విక్స్‌లా కనిపిస్తోందేమో, ఓ పావుగంట ఆగి మళ్లీ చూడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 20 వారాల గర్భిణి, పైనుంచి చేసిన స్కాన్‌లో 36 అని రాశారు. యూరిన్‌కి వెళ్లొచ్చాక లోపలి స్కాన్‌లో మొదట 30 వచ్చింది, కానీ ముందు పెదవి పలచగా ఉంది. ప్రోబ్ వెనక్కి తీసి ఆనిస్తే 24, ఆగి చూస్తే 22, పొట్ట నొక్కాక చిన్న గరాటు తెరుచుకుని 21. రిపోర్టులో రాయాల్సింది 21.

ఇప్పుడు ఏం చేయాలన్నది ఆమె పాత చరిత్రను బట్టి ఉంటుంది. ఇంతకుముందు తొందర కాన్పు లేకపోతే, గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ ప్రొజెస్టెరాన్ మొదటి మాట: సాధారణంగా రాత్రి పడుకునేముందు 200 మిల్లీగ్రాముల మందుబిళ్లను యోనిలో పెట్టుకోవడం, లేదా 90 మిల్లీగ్రాముల జెల్, దాదాపు 36 వారాల వరకు. పొద్దున కాస్త తెల్లగా కారుతుంది, మందు అంతా పోయిందని కంగారుపడి ఇంకోటి పెట్టుకోకండి. నెలలు నిండని కాన్పు ఆపడానికి వారం వారం ఇచ్చే 17-ఓహెచ్‌పీసీ అనే కృత్రిమ ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ దీనికి బదులు కాదు, దాని అనుమతిని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో వెనక్కి తీసుకుంది కూడా.

అదే 21, కానీ మొదటి కాన్పు 30 వారాలకే అయిపోయి ఉంటే, అప్పుడు సెర్విక్స్‌ను మూసి ఉంచే కుట్టు గురించి గట్టిగా మాట్లాడాలి, ప్రొజెస్టెరాన్ కూడా పరిశీలిస్తారు. చరిత్ర ఏమీ లేనివాళ్లకు కూడా మందు వాడుతుండగానే పొడవు 10 లోపుకి దిగితే కుట్టు మాట వస్తుంది. మూడు, అంతకన్నా ఎక్కువసార్లు ఇలా తొందర కాన్పయినా, నాలుగైదు నెలల్లో గర్భం పోయినా, అలాంటివాళ్లకు కొలత కోసం ఆగకుండా 12 నుంచి 14 వారాల్లోనే వేసేస్తారు. కవలలుంటే ఈ లెక్కలేవీ నేరుగా వర్తించవు, పొడవు తక్కువుందని మాత్రమే కుట్టు వేయించుకోకండి, మీ డాక్టరుతో విడిగా మాట్లాడండి.

కుట్టు వేయడం పెద్ద కథేం కాదు. వెన్నులో మత్తు ఇచ్చి, సెర్విక్స్ చుట్టూ గట్టి దారం తిప్పి ముడి వేస్తారు. నొప్పులు మొదలైనా, రక్తం పోతున్నా, ఉమ్మనీరు కారుతున్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా వేయరు. పొట్టి సెర్విక్స్‌కు నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టడం వల్ల లాభం లేదు, కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం ఉంది. ఎవరైనా అలా చెప్తే కారణం అడగండి.

కుట్టును 36, 37 వారాల్లో తీసేస్తారు, దానికి చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు. ముందే నొప్పులు వచ్చినా, రక్తం పోయినా, నీరు కారినా తారీఖు కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, వెళ్లగానే "కుట్టు ఉంది" అని మొదట చెప్పండి. కుట్టు ఉండగా గట్టి నొప్పులు వస్తే సెర్విక్స్ చిరిగిపోవచ్చు.