డిక్రీ వచ్చినా డబ్బు రాకపోతే: నా అనుభవం

బాకీ కేసు గెలిచి, డబ్బు కట్టమని కోర్టు డిక్రీ ఇచ్చాక అవతలాయన "నా పేరు మీద ఏమీ లేదు" అని చేతులెత్తేశాడు. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో డిక్రీ అమలు చేయమని ఈపీ వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 41 కింద ఆస్తుల అఫిడవిట్ అడిగాం. కోర్టు ఆదేశించినా ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు పడొచ్చు. అయినా దాని కోసం ఎదురుచూడకుండా నారాయణగూడలో ఆయన షాపుకి, రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ తీయించాను. ఇంకా ఆయన పేరు మీదే ఉంది, తాకట్టు కూడా లేదు!

హద్దులు సరిచూసి ఆస్తి వివరాల షెడ్యూల్ రాసి, రూల్ 54 కింద అటాచ్‌మెంట్, అంటే జప్తు అడిగాం. కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీన్ వచ్చి షాపు తలుపుకి ఉత్తర్వు అంటించి, దండోరా వేయించాడు. ఆ కాపీని సబ్‌రిజిస్ట్రార్‌కి కూడా అందించాం. ఆ తర్వాత ఆయన అమ్మినా, సెక్షన్ 64 ప్రకారం మా బాకీకి ఆ అమ్మకం అడ్డు రాదు. అటాచ్‌మెంట్‌తో షాపు మనది కాదు, డబ్బు రావాలంటే వేలం అడగాలి. వేలం ప్రకటన వచ్చాక ఆయనే ఖర్చులు, వడ్డీతో సహా కోర్టులో కట్టాడు.