టెక్సస్‌లో విడి ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? రిపేరు బిల్లు ఎవరి మీద పడుతుందో ముందే చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది మొదట అపార్ట్‌మెంట్‌లోనే దిగుతారు. అక్కడ కుళాయి కారితే యాప్‌లో ఒక రిక్వెస్ట్ పెడతాం, మెయింటెనెన్స్ మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళిపోతాడు, డబ్బుల మాటే రాదు. ఆ అలవాటుతోనే ఏడాదికో రెండేళ్ళకో పిల్లల స్కూలు కోసమో, అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారనో విడి ఇల్లు తీసుకుంటారు. అక్కడ ఆఫీసూ ఉండదు, మెయింటెనెన్స్ మనిషీ ఉండడు. ఒక ఓనర్, మధ్యలో ఒక ప్రాపర్టీ మేనేజర్, పదీ పదిహేను పేజీల లీజు, అంతే. ఆ లీజు చదవకుండా సంతకం పెట్టేసి, డ్రైన్ నిండినరోజు రాత్రి గ్రూపులో "ఎవరు కట్టాలండీ?" అని అడుగుతుంటారు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం, ఎందుకంటే అది మనం అనుకునేంత పెద్దదేమీ కాదు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92వ చాప్టర్ ప్రకారం మామూలు మనిషి ఆరోగ్యానికో భద్రతకో నిజంగా దెబ్బ తగిలే లోపాన్ని ఓనర్ బాగుచేయించాలి. వేడినీళ్ళు కనీసం 120 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేలా హీటర్ ఉండాలని కూడా అందులో ఉంది. కానీ మీరు నోటీసు ఇచ్చేనాటికి అద్దె బాకీ ఉండకూడదు, ఆ లోపం మీవల్లో మీ ఇంట్లోవాళ్ళవల్లో మీ చుట్టాలవల్లో వచ్చి ఉండకూడదు. అంటే కప్‌బోర్డు తలుపు ఊగిపోవడం, డిష్‌వాషర్ సరిగ్గా కడగకపోవడం లాంటివాటిని ఈ చట్టం పట్టించుకోదు. అవన్నీ లీజులో రాసుకున్న మాట మీదే నడుస్తాయి.

విడి ఇళ్ళకి ఇక్కడ ఎక్కువగా వాడేది టెక్సస్ రియల్టర్స్ సంఘం వాళ్ళ లీజు ఫారం, నంబర్ టీఎక్స్‌ఆర్-2001. అందులో రిపేర్ల పేరా ఒకటుంటుంది, దాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. హీటింగ్, ఏసీ, వాటర్ హీటర్, కట్టడం లోపంవల్ల లోపలికి వచ్చే నీళ్ళు, ఇవి మీ నిర్లక్ష్యంవల్ల చెడకపోతే ఓనర్ ఖర్చు అని మొదట ఉంటుంది. చదివి హాయిగా అనిపిస్తుంది. కిందనే ఓనర్ కట్టనివి ఉంటాయి: మీరూ మీవాళ్ళూ చెడగొట్టినవి, మీ ఇంటికి మాత్రమే ఉన్న డ్రైన్ లైన్లో వేయకూడనివి వేయడంవల్ల వచ్చిన అడ్డంకి, తలుపులూ కిటికీలూ మెష్‌లూ, తలుపో కిటికీయో తీసి ఉంచడంవల్ల జరిగిన నష్టం. ఇది ఓనర్ల కుట్రేమీ కాదు. ఇలా అద్దెదారు మీద పెట్టుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది.

చూడటానికి చిన్నగా ఉన్నా ఎక్కువ గొడవలు వచ్చేది డ్రైన్ దగ్గరే. అపార్ట్‌మెంట్‌లో మెయిన్ లైన్ పది ఇళ్ళకి కలిపి ఉంటుంది కాబట్టి ఎవరు ఏం వేశారో తేలదు, విడి ఇంట్లో ఆ లైన్ మొత్తం మీదే. మాకు తెలిసిన ఒక జంటకి ఇలాగే అయింది. వాషింగ్ మెషిన్ నీళ్ళు వదిలినప్పుడల్లా కింద బాత్‌రూమ్ టబ్‌లోకి నల్లటి నీళ్ళు పైకి తన్నేవి. ఒక్క సింకే నిండితే అడ్డం ఆ సింకు గొట్టంలో ఉన్నట్టు, ఒకచోట నీళ్ళు వదిలితే ఇంకోచోట పైకి వస్తే మాత్రం అడ్డం మెయిన్ లైన్లో ఉన్నట్టు. ప్లంబర్ వచ్చి బయట గడ్డిలో ఉండే క్లీన్‌అవుట్ మూత తీసి, కేబుల్ తిప్పి లైన్ క్లియర్ చేశాడు. బిల్లు మీద "మెయిన్ లైన్ అడ్డంకి తీశాం" అని ఒక్క ముక్క రాసి వెళ్ళాడు. నెలాఖరుకి ఆ బిల్లు మొత్తం అద్దెతో కలిపి వీళ్ళ ఖాతాలో కనిపించింది, కారణం: అద్దెదారు వాడకం.

ఆ జంటలో ఆవిడ ఫోన్లో వాదించలేదు. ప్రాపర్టీ మేనేజర్‌కి మెయిల్ పెట్టి మూడు సంగతులు అడిగింది. అడ్డం దేనివల్ల వచ్చిందో ప్లంబర్ రాతలో ఇప్పించండి, కెమెరా వేస్తే ఆ వీడియో పంపండి, లీజులో ఏ పేరా కింద మా మీద వేశారో చెప్పండి. కెమెరా వేయలేదని తేలింది. పది రోజులు తిరక్కుండానే లైన్ మళ్ళీ నిండింది, ఈసారి కెమెరా పంపితే ముందు పెరట్లో చెట్టు దగ్గర గొట్టం అతుకులోంచి వేర్లు లోపలికి వచ్చి ఉన్నాయి. వేర్లు మనం టాయిలెట్లో వేసేవి కావు కదా. రెండు బిల్లులూ ఓనరే కట్టుకున్నాడు. ఆ గొట్టంలోంచి వైప్స్ వచ్చి ఉంటే మాత్రం ఆవిడే కట్టాల్సివచ్చేది, పాకెట్ మీద "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్నా సరే. అందుకే ప్లంబర్ ఉండగానే పక్కన నిలబడి ఏం బయటికొచ్చిందో ఫోటో తీసుకోండి, బిల్లులో కారణం రాయమని అడగండి. తర్వాత ఎంత మొత్తుకున్నా ఆ ఒక్క వాక్యం ముందు నిలవదు. మనవాళ్ళ ఇళ్ళలో వైప్స్ తర్వాత ఎక్కువగా పట్టుబడేది సింకులో పోసిన వాడేసిన నూనె, డిస్పోజల్‌లో వేసిన అన్నం. గారెలు వేయించిన నూనె చల్లారాక ఏదైనా డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

ఏసీకి కూడా కారణమే ముఖ్యం. లీజు ప్రకారం ఫిల్టర్ కొనడమూ మార్చడమూ మీ పని, నెలకొకసారి అని ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడక కాయిల్ మీద మంచు కడుతుంది, ఇల్లు చల్లబడదు, టెక్నీషియన్ వచ్చి "ఫిల్టర్ మురికి" అని రాస్తాడు, ఇక బిల్లు మీదే. రాగి గొట్టం మీద మంచు కనిపిస్తే కూలింగ్ ఆపేసి ఫ్యాన్ మాత్రం నడవనిచ్చి వెంటనే చెప్పండి. మార్చిన ప్రతిసారీ కొత్త ఫిల్టర్ మీద తేదీ రాసి ఫోటో తీసిపెట్టుకుంటే చాలు. ఇంకో చిక్కు, ఓనర్ ఏసీ ఇచ్చి తీరాలని రాష్ట్ర చట్టంలో వేడినీళ్ళలాగా పేరుపెట్టి లేదు, కాబట్టి ఏసీ ఓనర్ ఇస్తున్నట్టు లీజులో ఉందా లేదా అన్నది ఇక్కడి జూలైలో చిన్న విషయం కాదు.

ఫ్రిజ్, వాషర్, డ్రయ్యర్ సంగతి వేరు. ఇంట్లో ఉన్నాయని ఫోటోల్లో చూసి సంబరపడతాం, లీజులో "ఓనర్ రిపేరు చేయడు, మార్చడు" అనే ఖాళీలో వాటి పేర్లు రాసి ఉంటాయి. చెడితే వాడటం మానేసి మీరే కొనుక్కోవాలన్నమాట. సంతకానికి ముందే అక్కడ ఏం రాశారో చూసి, కనీసం ఫ్రిజ్ పేరు కొట్టేయించండి. స్పెషల్ ప్రొవిజన్స్ అనే భాగం కూడా చూడండి. చెడిన పరికరాలని బాగుచేయించే హోమ్ వారంటీ ప్లాన్ ఉన్న ఇంట్లో టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ సర్వీస్ ఫీజు మీరు కట్టాలని కొందరు అక్కడే పెడతారు. రిపేరుకి టైమ్ ఇచ్చి మీరు ఇంట్లో లేకపోతే ట్రిప్ ఛార్జ్ మీ మీదే పడుతుంది, అదీ లీజులోనే ఉంటుంది.

కట్టడం లోపాలకి వస్తే, కప్పు కారడం, ఇంటి అడుగున ఉండే కాంక్రీటు స్లాబ్ కింద గొట్టం పగలడం, పునాది కుంగడం ఓనర్‌వే. అయినా మీ వంతు ఒకటుంది, కొత్తవాళ్ళు దీన్ని నమ్మరు: పునాదికి నీళ్ళు పెట్టాలి. డాలస్ చుట్టూ నేల మన నల్లరేగడిలాంటిదే, ఎండకి బీటలు వారుతుంది, వానకి ఉబ్బుతుంది, ఇల్లు దాంతోపాటు కదులుతుంది. అందుకే పునాది చుట్టూ తడి ఉంచాలని లీజులోనే రాస్తారు. స్ప్రింక్లర్ టైమింగ్ ఓనర్‌నే అడిగి మెయిల్‌లో చెప్పించుకోండి, నగరం నీటి ఆంక్షలు ఉంటే అవీ చూసుకోండి. తలుపులు బిగుసుకుపోవడం, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు లేవడం కనిపిస్తే ఫోటోతో రాసి పంపండి. నీళ్ళ బిల్లు ఉన్నట్టుండి పెరిగితే కుళాయిలన్నీ కట్టేసి వీధి పక్కన మీటర్ చూడండి. చిన్న లీక్ సూచిక ఇంకా తిరుగుతుంటే ఎక్కడో కారుతోంది, ఫ్లోర్ ఒకచోట వెచ్చగా తగిలితే వేడినీళ్ళ గొట్టమే కావచ్చు. చెప్పకుండా నెలలు గడిపితే పెరిగిన నష్టం మీదంటారు. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టకుండా చూడటం కూడా అద్దెదారు బాధ్యతే, 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో చాలా ఇళ్ళలో గొట్టాలు పగిలాయి. ఫ్రీజ్ వార్నింగ్ వస్తే కుళాయిలు సన్నగా కారేలా వదలండి, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో మొదటివారంలోనే కనుక్కోండి. పగిలిన గొట్టం ఓనర్ బాగుచేయిస్తాడు గానీ తడిసిన మీ సోఫా, లాప్‌టాప్ ఆయన ఇన్సూరెన్స్‌లోకి రావు, అది మీ రెంటర్స్ ఇన్సూరెన్స్ చూసుకోవాలి. డ్రైన్ వెనక్కి తన్నితే వచ్చే నష్టానికి చాలా పాలసీల్లో విడిగా కవరేజ్ చేర్చుకోవాలి.

ఇక చెప్పే పద్ధతి. ఓనర్ మన తెలుగాయనైతే "అన్నా, గీజర్ పోయింది" అని ఫోన్ చేస్తాం, ఆయన "చేయించేయండి, అద్దెలో చూసుకుందాం" అంటారు, ఇద్దరికీ మొహమాటం. ఫోన్ చేయండి, కానీ వెంటనే "మీరన్నట్టు ఇంత వరకు ఖర్చుపెట్టి చేయిస్తున్నాను, వచ్చే నెల అద్దెలో తగ్గిస్తాను, సరేనని రాయండి" అని మెయిల్ పెట్టి జవాబు వచ్చాకే ప్లంబర్‌ని పిలవండి. ఓనర్ పట్టించుకోకపోతే నోటీసు పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్‌గా, రిటర్న్ రిసీట్‌తో పంపండి. అలా పంపితే ఒక్క నోటీసు సరిపోతుంది, మామూలుగా ఇస్తే కొంత గడువు తర్వాత రెండోది రాతపూర్వకంగా ఇవ్వాలి. 7 రోజులు సమంజసమైన గడువని చట్టం అనుకుంటుంది, తీవ్రతని బట్టి, మనుషులూ సామానూ దొరకడాన్ని బట్టి అది మారొచ్చు. వడగళ్ళు, అగ్నిప్రమాదం లాంటి ఇన్సూరెన్స్ నష్టమైతే ఆ డబ్బు ఓనర్‌కి అందేదాకా గడువే మొదలవదు.

అప్పటికీ చేయకపోతే మీరే చేయించి అద్దెలో తగ్గించుకునే దారి ఉంది, నెల అద్దె లేదా 500 డాలర్లు, ఏది ఎక్కువైతే అంత వరకు. కానీ నోటీసులో ఆ ఉద్దేశం రాసి ఉండాలి, పని బయటి కంపెనీ చేయాలి, మీరో మీ ఇంట్లోవాళ్ళో చేసి బిల్లు వేయకూడదు. మురుగు ఇంట్లోకి పొంగితే ఆ నోటీసు ఇచ్చాక రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఈ దారి పట్టేముందు ఒకసారి లాయర్‌కి చూపించుకోవడం మంచిది, లేదంటే జస్టిస్ కోర్టులో రిపేరు కేసు మీరే వేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి, కోపంతో అద్దె ఆపేయడం. అద్దె బాకీ పడ్డ నిమిషం నుంచి నోటీసుకి బలం ఉండదు, ఖాళీ చేయించే కేసు మీ రికార్డులోకి ఎక్కితే తర్వాతి ఇల్లు దొరకడమూ కష్టమే. సరిగ్గా నోటీసు ఇచ్చినందుకు 6 నెలల్లోపు అద్దె పెంచడం, వెళ్ళగొట్టడం లాంటి కక్ష ఓనర్ తీర్చుకోకూడదని చట్టం చెబుతుంది, అదీ అద్దె కడుతున్నవాళ్ళకే ఉపయోగపడుతుంది.

తాళాలు తీసుకున్నప్పుడు ఇన్వెంటరీ ఫారం ఒకటి ఇస్తారు, లీజులో రాసిన గడువులోపు నింపి పంపాలి. ప్రతి డ్రైన్లో నీళ్ళు వదిలి చూసి, ఓవెన్ వెలిగించి, మెష్‌లు చిరిగాయేమో చూసి, గోడ పగుళ్ళు పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి, అన్నీ ఆ ఫారంతోపాటు మెయిల్‌లో పంపండి. పాత కిటికీ బీట, తుప్పుపట్టిన హ్యాండిల్ కూడా వదలకండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత వేస్తూ మీకు చూపించేది ఆ ఫారమే.